ఆన్‌లైన్ సంగీతం క్లాసుకు ఆహ్వానం ఎలా రాయాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటి దగ్గర పిల్లలకు కర్ణాటక సంగీతం చెప్పేవాళ్లు ఆన్‌లైన్‌లో కొత్త బ్యాచ్ మొదలుపెట్టేటప్పుడు తల్లిదండ్రులకు వాట్సాప్‌లో పంపే ఆహ్వానం గురించే ఈ పేజీ. ఉదాహరణగా ఒకే బ్యాచ్‌ను తీసుకున్నాం. 2026 అక్టోబరు 10న మొదలై ఎనిమిది శనివారాలు జరుగుతుంది. టీచర్ విజయవాడలో ఉంటారు, పిల్లలు హైదరాబాద్, దుబాయ్, లండన్, డాలస్, న్యూజెర్సీలలో ఉంటారు. క్లాసు గూగుల్ మీట్ ఉచిత అకౌంట్‌లో నడుస్తుంది. జూమ్ వాడేవాళ్లకు మారే సంగతులు చివర్లో ఉన్నాయి.

ముందు ఒక పూర్తి నమూనా చూపించండి. మా వివరాలు అందులో పెట్టుకుంటాం.

> నమస్కారమండీ.
> \*పిల్లల కర్ణాటక సంగీతం – మొదటి క్లాసు\*
> 2026 అక్టోబరు 10, శనివారం
> సాయంత్రం 7:00 నుంచి 7:50 వరకు (భారత సమయం)
>
> దుబాయ్ – సాయంత్రం 5:30
> లండన్ – మధ్యాహ్నం 2:30
> న్యూజెర్సీ – ఉదయం 9:30
> డాలస్ – ఉదయం 8:30
>
> క్లాసు లింక్:
> meet.google.com/xxx-xxxx-xxx
>
> 6:55కి క్లాసు తెరుస్తాం. Ask to join నొక్కి, మేం లోపలికి తీసుకునేదాకా ఆ పేజీ మూయకండి.
>
> \*ముందురోజే లింక్ ఒకసారి చూసుకోండి:\* శుక్రవారం సాయంత్రం 7:00 నుంచి 7:20 దాకా ఇదే లింక్‌లో ఉంటాం. అమెరికా వాళ్లకు శుక్రవారం రాత్రి (డాలస్ 8:30, న్యూజెర్సీ 9:30). క్లాసుకు ఏ ఫోన్ వాడతారో దానితోనే రండి, రెండు నిమిషాలు చాలు.
>
> లింక్ తెరుచుకోకపోతే ఈ నంబరుకు ఫోన్ చేయండి: (మీ నంబరు)

వాట్సాప్ పొడుగు మెసేజ్‌ను మధ్యలో కత్తిరించి Read more అని చూపిస్తుంది. చాలామంది దాన్ని నొక్కరు. అందుకే క్లాసు పేరు, తేదీ, సమయం మొదటి నాలుగు వరుసల్లో ఉండాలి. సంగీతం ఎందుకు నేర్చుకోవాలో, ఫీజు ఎంతో, సిలబస్ ఏమిటో వేరే మెసేజ్‌లో పంపండి. అవి చేరాలా వద్దా అని ఆలోచించేవాళ్లకు పనికొచ్చే సంగతులు. ఈ ఆహ్వానం ఇప్పటికే చేరినవాళ్లకు వెళ్తుంది.

నక్షత్రం గుర్తుల మధ్య ఉన్న మాటలు వాట్సాప్‌లో లావు అక్షరాలుగా కనిపిస్తాయి. వాటిని రెండు చోట్లే వాడాం. అంతా లావుగా ఉంటే కన్ను దేని మీదా ఆగదు.

"7 గంటలకు క్లాసు" అని రాస్తే చాలదా? ముగిసే సమయం కూడా ఎందుకు?

తల్లిదండ్రుల వైపు నుంచి కారణం తెలిసిందే. ఫోన్ ఎంతసేపు పిల్లల చేతిలో ఉంటుందో, తర్వాత ట్యూషన్‌కు ఎప్పుడు బయల్దేరాలో వాళ్లకు తెలియాలి. "సుమారు గంట" అని రాస్తే కొందరు 8:00కి, కొందరు 8:15కి లెక్క వేసుకుంటారు.

మీ వైపు నుంచి ఇంకో కారణం ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. గూగుల్ మీట్ ఉచిత అకౌంట్‌లో ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువమంది ఉన్న కాల్ 60 నిమిషాలకు మించి నడవదు. 55వ నిమిషంలో సమయం అయిపోతోందని తెర మీద నోటీసు వస్తుంది. టీచర్ 6:40కే లింక్ తెరిచి, వచ్చినవాళ్లను వచ్చినట్టు లోపలికి తీసుకుంటూ కూర్చుంటే 60 నిమిషాలు 7:40కే పూర్తయిపోవచ్చు. క్లాసు 7:50 దాకా అని రాశారు కాబట్టి చివరి పది నిమిషాలు, అంటే పిల్లలు ఒక్కొక్కరుగా పాడి వినిపించే భాగం, తెగిపోతుంది.

అందుకే నమూనాలో రెండు అంకెలూ లెక్క చూసి పెట్టాం. 6:55కి తెరిస్తే 60 నిమిషాలు 7:55కి నిండుతాయి, నోటీసు 7:50కి వస్తుంది. క్లాసు 50 నిమిషాలే కాబట్టి నోటీసు వచ్చే వేళకు మీరు సెలవు చెబుతూ ఉంటారు. "క్లాసు 60 నిమిషాలు" అని రాసి ఉచిత అకౌంట్‌లో నడపాలనుకుంటే ఏదో ఒక వారం పాట మధ్యలో కాల్ తెగడం ఖాయం.

ఇద్దరే ఉన్న కాల్‌కు ఈ 60 నిమిషాల హద్దు లేదు. విడిగా ఒకే పిల్లకో పిల్లాడికో చెప్పే క్లాసు గంట దాటినా ఫర్వాలేదు. కానీ అమ్మ ఆఫీసు నుంచి వేరే ఫోన్‌తో చేరి వింటే ముగ్గురైనట్టే.

విదేశాల్లో ఉన్నవాళ్లకు సమయం ఎలా రాయాలి?

భారత సమయం ఒక్కటే రాసి "మీ సమయం చూసుకోండి" అంటే సగంమంది సరిగా చూసుకుంటారు, మిగతావాళ్లు మీకే ఫోన్ చేస్తారు. పిల్లలు ఏ ఊళ్లలో ఉన్నారో ఆ ఊళ్ల పేర్లతోనే రాయండి. "అమెరికా సమయం" అని రాయకండి. డాలస్‌కు, న్యూజెర్సీకి మధ్య గంట తేడా. కాలిఫోర్నియా డాలస్ కంటే ఇంకో రెండు గంటలు వెనక, అంటే మన 7:00 అక్కడ ఉదయం 6:30.

అసలు చిక్కు ఎండాకాలం గడియారంతో వస్తుంది. మన దేశంలోనూ, దుబాయ్‌లోనూ ఏడాది పొడుగునా ఒకే సమయం. అమెరికాలోనూ, బ్రిటన్‌లోనూ శరదృతువులో గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు, అదీ ఒకే రోజున కాదు. బ్రిటన్‌లో అక్టోబరు చివరి ఆదివారం తిప్పుతారు, 2026లో అది 25వ తేదీ. అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం, అంటే నవంబరు 1.

మన బ్యాచ్‌లో ఇది ఇలా పడుతుంది. అక్టోబరు 10, 17, 24 క్లాసులు లండన్ పిల్లలకు మధ్యాహ్నం 2:30కి. అక్టోబరు 31 నుంచి వాళ్లకు 1:30కి. అదే 31న డాలస్ వాళ్లకు ఏమీ మారదు, పాత 8:30 సమయమే. నవంబరు 7 నుంచి డాలస్‌లో 7:30కి, న్యూజెర్సీలో 8:30కి క్లాసు మొదలవుతుంది. ముందుగా చెప్పకపోతే నవంబరు 7న డాలస్ పిల్లలు మీ క్లాసు ముగిశాక పది నిమిషాలకు లింక్ నొక్కుతారు. ఖాళీ గది చూసి క్లాసు రద్దయిందనుకుంటారు.

మొదటి ఆహ్వానంలో ఇదంతా పెట్టకండి, బరువైపోతుంది. మార్పుకు ముందు వారం ఆ ఊరి వాళ్లకు మాత్రమే రెండు వరుసలు పంపండి:

> నవంబరు 1న అమెరికాలో గడియారం మారుతోంది కదండీ. మన క్లాసు భారత సమయం మారదు. కాబట్టి నవంబరు 7 నుంచి మీకు డాలస్‌లో ఉదయం 7:30కి, న్యూజెర్సీలో 8:30కి మొదలవుతుంది. లింక్ పాతదే.

క్లాసు మన ఉదయం పెట్టుకుంటే తేదీ కూడా మారుతుంది. అక్టోబరులో హైదరాబాద్‌లో ఆదివారం ఉదయం 6:30 అయితే డాలస్‌లో శనివారం రాత్రి 8:00. అలాంటప్పుడు ఊరి పక్కన వారం పేరు కూడా రాయాల్సిందే. అర్ధరాత్రి దాటిన సమయాల్లో ఇంకా జాగ్రత్త పడాలి. "శనివారం రాత్రి 12:30" అంటే మనవాళ్లకు శనివారం నిద్రపోయే ముందు, క్యాలెండర్‌లో అది ఆదివారం. "శనివారం రాత్రి 12:30 (తెల్లవారితే ఆదివారం)" అని రాస్తే ఇంకెవరూ అడగరు.

లింక్ పంపాం, కానీ కొందరికి తెరుచుకోవడం లేదంటున్నారు. ఎందుకు?

ముందు మీరు దాన్ని ఎలా రాశారో చూడండి. తెలుగులో రాసేటప్పుడు మనకు విభక్తిని పదానికి అతికించడం అలవాటు. meet.google.com/xxx-xxxx-xxxలో చేరండి అని ఖాళీ లేకుండా రాస్తే ఆ "లో" కూడా లింక్‌లో భాగంగా కలిసిపోవచ్చు. నొక్కితే అలాంటి మీటింగ్ లేదని వస్తుంది. లింక్ చివర చుక్క పెట్టినా, లావుగా కనిపించాలని నక్షత్రాలు తగిలించినా ఇలాంటి గొడవే రావచ్చు. లింక్‌కు ఒక వరుస పూర్తిగా వదిలేయండి, దానికి ముందూ వెనకా ఏమీ వద్దు.

రెండో కారణం పోస్టర్. అమ్మవారి బొమ్మ, వీణ, పూలు వేసి అందంగా చేయిస్తారు, లింక్ కూడా అందులోనే అచ్చవుతుంది. బొమ్మలో ఉన్న లింక్ నొక్కితే తెరుచుకోదు. చూసి టైప్ చేస్తే చిన్న l ఏదో, i ఏదో తేలక తప్పు పడుతుంది. పోస్టర్ పంపండి, మంచిదే, కానీ లింక్‌ను వేరే మెసేజ్‌గా పంపండి. పోస్టర్ కింద క్యాప్షన్‌లో పెడితే, ఎవరైనా బొమ్మను ఇంకొకరికి పంపేటప్పుడు క్యాప్షన్ ఊడిపోవచ్చు.

పంపే ముందు ఆ మెసేజ్‌ను ఇంట్లో వేరేవాళ్ల ఫోన్‌కు పంపి, వాళ్ల అకౌంట్‌తో నొక్కి చూడండి. మీ ఫోన్‌లో మీ లింక్ ఎప్పుడూ తెరుచుకుంటుంది, ఎందుకంటే ఆ మీటింగ్ మీదే. దానితో ఏమీ తేలదు.

"లింక్ ముందుగా చెక్ చేసుకోండి" అని రాస్తూనే ఉన్నాం, ఎవరూ చేయరు. ఎలా రాస్తే చేస్తారు?

ఆ వాక్యంలో ఎప్పుడు చేయాలో లేదు, చేస్తే ఏం కనిపించాలో లేదు. పైగా టీచర్ లేని సమయంలో లింక్ నొక్కితే లోపలికి తీసుకునేవాళ్లు ఉండరు, తెర మీద చక్రం తిరుగుతూ ఉంటుంది. అది పనిచేస్తున్నట్టా, పాడైనట్టా అనేది తెలియక వదిలేస్తారు. అందుకని నిర్ణీత సమయం చెప్పి, ఆ 20 నిమిషాలు మీరు నిజంగా లైన్లో ఉండండి. శుక్రవారం సాయంత్రం 7:00 డాలస్‌లో ఉదయం 8:30, అందరూ బడికి, ఆఫీసుకు వెళ్లే వేళ. అమెరికా వాళ్లకు వేరే సమయం ఇవ్వక తప్పదు. శనివారం మన ఉదయం 7:00 అంటే వాళ్లకు శుక్రవారం రాత్రి 8:30. మీకు రెండోసారి కూర్చోవడం అవుతుంది, కానీ క్లాసు రోజు మొదటి పావుగంట మిగులుతుంది.

ఒక్కొక్కరిని రెండు నిమిషాలు చూస్తే చాలు. పిల్లల్ని "స రి గ మ" అని పాడమనండి. వాళ్ల గొంతు మీకు వినిపించాలి, మీది వాళ్లకు వినిపించాలి, తాళం వేసే చెయ్యి కెమెరాలో కనిపించాలి. చివరిది చాలామంది మర్చిపోతారు. ఫోన్‌ను చేతితో పట్టుకుంటే తాళం వేయడానికి చెయ్యి ఖాళీగా ఉండదు, పైగా ముఖం ఒక్కటే కనిపిస్తుంది. ఫోన్‌ను డబ్బాకో పుస్తకాలకో ఆనించి, మూడు అడుగుల దూరంలో కూర్చోబెట్టమని అప్పుడే చెప్పేయండి.

అదే ఫోన్, అదే చోటు, అదే ఇంటర్నెట్ అని పట్టుబట్టండి. నాన్నగారు ఆఫీసులో ల్యాప్‌టాప్‌తో చూసి "బాగానే వచ్చిందండీ" అంటారు. శనివారం పాప అమ్మమ్మ ఫోన్‌తో, వైఫై అందని గదిలోంచి చేరుతుంది. అప్పుడు శుక్రవారం చూసుకున్నది దేనికీ కొరగాదు.

ముందురోజు లింక్ పరీక్షలో ఎక్కువగా కనిపించే ఇబ్బందులేమిటి?

మొదటిది స్కూలు అకౌంట్. పిల్లల ట్యాబ్‌లో స్కూలు ఇచ్చిన మెయిల్‌తో లాగిన్ అయి ఉంటుంది. బయటి మీటింగుల్లో చేరకుండా స్కూలు కట్టడి పెట్టి ఉంటే, లింక్ సరైనదే అయినా చేరలేమని వస్తుంది. యాప్‌లో పైన ఉన్న ప్రొఫైల్ గుర్తు నొక్కి అమ్మ లేదా నాన్న జీమెయిల్‌కు మార్చమనండి.

రెండోది, వాళ్ల గొంతు మీకు వినిపించదు. ఫోన్‌లో ఆ యాప్‌కు మైక్రోఫోన్ అనుమతి ఇచ్చి ఉండకపోవచ్చు. మొదటిసారి అడిగినప్పుడు తొందరలో Don't allow నొక్కేసి ఉంటారు. ఆండ్రాయిడ్‌లో Settings, తర్వాత Apps, అందులో Meet, Permissions, Microphone దగ్గరకు వెళ్లి అనుమతి ఇవ్వాలి. పక్క గదిలో ఉన్న బ్లూటూత్ ఇయర్‌ఫోన్లకు ఫోన్ కలిసి ఉన్నా ఇదే లక్షణం కనిపిస్తుంది. బ్లూటూత్ ఆపి చూడమనండి.

మూడోది పేరు. మీట్‌లో జీమెయిల్ పేరే కనిపిస్తుంది. పాప పేరు బదులు తాతగారి పేరు వచ్చేసరికి ఎవరో తెలియని మనిషి అనుకుని మీరు బయటే ఉంచేస్తారు. పరీక్ష రోజే ఏ పేరుతో ఎవరు వస్తారో ఒక కాగితం మీద రాసుకోండి. పిల్లల క్లాసు కాబట్టి ఆ జాబితాలో లేనివాళ్లను తీసుకోకపోవడమే మంచిది.

తంబురా సంగతి ఆహ్వానంలో రాయాలా?

రాయాలి. మీటింగ్ యాప్‌లు మనిషి మాటను బయటికి తెచ్చి, ఆగకుండా వచ్చే మోతను అణచేలా తయారయ్యాయి. ఫ్యాన్ చప్పుడును తగ్గించినట్టే తంబురా నాదాన్నీ తగ్గిస్తాయి. మీ గదిలో తంబురా గట్టిగా మోగుతున్నా అవతల అది వచ్చిపోతూ వినిపిస్తుంది, దీర్ఘంగా పట్టిన స్వరం కూడా మధ్యలో సన్నబడుతుంది. పిల్లలు శ్రుతి తప్పుతున్నారని మందలించే ముందు వాళ్లకు శ్రుతి అందుతోందో లేదో తెలుసుకోవాలి.

కాబట్టి ప్రతి ఇంట్లో వాళ్ల తంబురా వాళ్లే పెట్టుకోవడం మేలు. అదీ క్లాసు నడిచే ఫోన్‌లో కాకుండా వేరే ఫోన్‌లోనో, శ్రుతి బాక్సులోనో. మాట, పాట అవతలికి చేరడానికి కాస్త ఆలస్యం ఉంటుంది కాబట్టి అందరూ కలిసి పాడితే తాళం కలవదు. ఈ రెండూ కలిపి ఇలా రాయండి:

> తంబురా యాప్‌ను వేరే ఫోన్‌లో పెట్టుకోండి. ఏ శ్రుతో శుక్రవారం చెబుతాం. అందరూ పాడేటప్పుడు మైక్ ఆపి ఉంచాలి, పేరు పిలిచినప్పుడు తెరవాలి.

మైక్ ఎందుకు ఆపుతున్నారో ముందే తెలియకపోతే, మా పిల్లను అసలు పాడనివ్వడం లేదని కొందరు నొచ్చుకుంటారు.

గుర్తుచేసే మెసేజ్‌లు ఎన్ని పంపాలి?

మొదటి క్లాసుకు ఆహ్వానం కాక రెండు. గురువారం సాయంత్రం పరీక్ష సమయాన్ని గుర్తుచేస్తూ ఒకటి, క్లాసు రోజు 6:45కి ఇంకొకటి. రెండింట్లోనూ లింక్ మళ్లీ పెట్టాలి. "పైన పంపిన లింక్" అంటే ఈలోపు వచ్చిన పండుగ శుభాకాంక్షల్లో అది ఎక్కడో కూరుకుపోయి ఉంటుంది. అసలు ఆహ్వానాన్ని గ్రూపులో 30 రోజులకు పిన్ చేయండి, ఆ గడువు అయ్యాక మళ్లీ చేయాలి.

> ఇంకో పదిహేను నిమిషాల్లో క్లాసు. 6:55కి తెరుస్తాం, 7:00కి మొదలు.
> meet.google.com/xxx-xxxx-xxx

రెండో వారం నుంచి ఈ చివరి మెసేజ్ ఒక్కటే చాలు. గూగుల్ క్యాలెండర్‌లో ప్రతి శనివారం వచ్చే ఈవెంట్‌గా పెట్టుకుంటే ఎనిమిది వారాలకూ ఒకే లింక్ ఉంటుంది. తల్లిదండ్రుల మెయిళ్లను దానికి జోడిస్తే వాళ్ల ఊరి సమయమే వాళ్లకు కనిపిస్తుంది.

క్లాసు వాయిదా పడితే ఎలా రాయాలి?

పాత ఆహ్వానాన్ని సవరించి మళ్లీ పంపకండి. రెండూ ఒకేలా ఉంటే ఏది కొత్తదో తెలియదు. ఏది రద్దు, ఏది కొత్త, ఏది మారలేదు అన్నవి మూడు ముక్కల్లో చెప్పండి:

> \*అక్టోబరు 17 శనివారం క్లాసు లేదు.\*
> బదులుగా 18 ఆదివారం, అదే సాయంత్రం 7:00 నుంచి 7:50 (భారత సమయం).
> లింక్ మారలేదు. చూసినవాళ్లు "సరే" అని పెట్టండి.

"సరే" అనని వాళ్లకు ఫోన్ చేయాలి, అంతే.

పెద్దవాళ్ల బ్యాచ్‌కు ఇదే నమూనా పనికొస్తుందా?

పనికొస్తుంది. "పిల్లల" తీసేసి, ఎవరినైనా పేరు పెట్టి పిలిస్తే దాని తర్వాత "గారు" పెడితే చాలు. మర్యాద కోసం "తమరు విచ్చేసి ఆశీర్వదించగలరని మనవి" లాంటి శుభలేఖ వాక్యాలు చేర్చకండి, సమయం వాటి కింద దాక్కుంటుంది. పెద్దవాళ్లకు నంబరు వరుస పైకి తేవడం మంచిది, వాళ్లు లింక్‌తో కుస్తీ పట్టే బదులు ముందు ఫోన్ చేస్తారు.

జూమ్‌లో అయితే ఏం మారుతుంది?

ఉచిత అకౌంట్‌లో హద్దు 40 నిమిషాలు. కాబట్టి క్లాసు 7:00 నుంచి 7:35 అని రాసి, 6:57కి తెరవండి. 50 నిమిషాలు కావాలంటే డబ్బు కట్టిన అకౌంట్ ఉండాలి.

చేరే వివరాల్లో లింక్‌తో పాటు మీటింగ్ ఐడీ, పాస్‌కోడ్ కూడా వేరే వేరే వరుసల్లో పెట్టండి. జూమ్ లింక్ పొడుగ్గా ఉంటుంది, పాస్‌కోడ్ అందులో pwd= తర్వాత దాగి ఉంటుంది. కాపీ చేసేటప్పుడు ప్రశ్నార్థకం దగ్గర తెగితే లింక్ తెరుచుకుంటుంది గానీ పాస్‌కోడ్ అడుగుతుంది. అప్పుడు కింద రాసినది అక్కరకొస్తుంది.

టీచర్ లేకుండానే చూసుకునే వీలు జూమ్‌లో ఉంది. zoom.us/test తెరిస్తే స్పీకర్, మైక్ పనిచేస్తున్నాయో లేదో చెప్పే పరీక్ష మీటింగ్ వస్తుంది. అర్ధరాత్రయినా ఎవరికి వారే చూసుకోవచ్చు. అయితే అది ఫోన్‌నూ, యాప్‌నూ చూస్తుందే తప్ప మీ లింక్‌ను చూడదు. లింక్ కోసం శుక్రవారం 20 నిమిషాలు ఎలాగూ పెట్టాల్సిందే.

తంబురా విషయంలో జూమ్ కాస్త నయం. కంప్యూటర్‌లో ఆడియో సెట్టింగ్స్‌లో Original sound for musicians అని ఉంటుంది. మీ వైపు దాన్ని ఆన్ చేస్తే చప్పుడు అణచడం ఆగి, దీర్ఘ స్వరం తెగకుండా వెళ్తుంది. అప్పుడు ఫ్యాన్ చప్పుడు కూడా అలాగే వెళ్తుంది, ఫ్యాన్ ఆపుకోవాలి.